27 నిమిషాల పేపరు

ప్రియమైన శ్రీనుకు,

నువ్వు పంపిన పదో తరగతి లెక్కల పేపరు అందింది. 50 మార్కుల పేపరును పిల్లలు 90 నిమిషాల్లో ముగించగలరా అని అడిగావు కనుక, నిన్న రాత్రి గడియారం ఎదురుగా పెట్టుకుని పేపరంతా నేనే రాశాను. లెక్కను మనసులో తేల్చుకోకుండా, మంచి విద్యార్థి చూపే సోపానాలన్నీ కాగితం మీద పెట్టి, ఒక్కొక్క ప్రశ్నకు పట్టిన సమయాన్ని పక్కనే నోటు చేసుకున్నాను. మొత్తం 27 నిమిషాలు పట్టింది.

ఇంకా బోలెడు సమయం ఉందని సంబరపడకు. జవాబు ముందే తెలిసిన మనకు పట్టిన సమయాన్ని పదో తరగతిలో మూడింతలు చేయాలన్నది నా అనుభవంలో తేలిన లెక్క. అంటే 81 నిమిషాలు. దానికి పేపరు చదివి, 'లేదా' అన్నచోట ఏది రాయాలో తేల్చుకునేందుకు 8 నిమిషాలు, సరిచూసుకునేందుకు 7 నిమిషాలు కలిపితే 96 అవుతుంది. ఆరు నిమిషాలు మించిపోయావు.

మార్కుకు ఇన్ని నిమిషాలని పంచుకుంటూ పోవడంలోనే నువ్వు పొరబడ్డావనుకుంటాను. ఎనిమిది మార్కుల ప్రశ్నలు రెండింటిలో మధ్యగతం కనుక్కోవడానికి నాకు 4 నిమిషాలే పట్టగా, ఓజివ్ వక్రానికి 6 పట్టాయి. అందులో గణితం కొంచెమే. సంచిత పౌనఃపున్య పట్టిక రాయడం, స్కేలు ఎంచుకోవడం, అక్షాలు గీయడం, బిందువులు గుర్తించడంలోనే సమయమంతా పోయింది. పైగా స్కేలు కుదరక గ్రాఫు చెరిపి మళ్ళీ గీసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళకు నేను వేసిన 18 నిమిషాలు కూడా చాలవు.

అందుకని ఆ ప్రశ్నలో సంచిత పౌనఃపున్యాలను నువ్వే ఇచ్చెయ్యి. పట్టిక వేయడం వాళ్ళకు వచ్చో రాదో మధ్యగతం ప్రశ్నలో ఎలాగూ తెలుస్తుంది. దీనితో దాదాపు 6 నిమిషాలు మిగులుతాయి. గోపురం ఎత్తు కనుక్కునే రెండు లెక్కల్లో √3 కు బదులు 1.732 వేసి గుణించమన్నావు. జవాబును √3 తోనే ఉంచమంటే త్రికోణమితి పరీక్ష చెడదు, దశాంశ గుణకారానికి పోయే మరో 3 నిమిషాలు కలిసివస్తాయి. అప్పుడు 87 అవుతుంది.

ఇదంతా అంచనాయే కనుక పరీక్షనాడు ఒక పని చెయ్యి. అరగంటకొకసారి గంట కొట్టి, అప్పటికి రాస్తున్న చోట మార్జిన్‌లో చిన్న గీత గీయమను. ఖాళీగా వదిలిన ప్రశ్నలు పేపరు మధ్యలో అక్కడక్కడ ఉంటే పాఠం రాలేదని అర్థం. చివరి ప్రశ్నలే వరసగా ఖాళీగా ఉండి, అదే పాఠంలోని ఒక మార్కు ప్రశ్న సరిగ్గా రాసి ఉంటే సమయం చాలలేదని అర్థం. కిందటేడు నా తరగతిలో 40 మందిలో 23 మంది గ్రాఫు వదిలేస్తే, పాఠం అర్థం కాలేదనుకుని రెండు పీరియడ్లు మళ్ళీ చెప్పాను. తప్పు నా పేపరుదని తరువాతగానీ తెలియలేదు.

గ్రాఫు కాగితాలు జవాబు పత్రాలతోపాటే ముందుగా పంచిపెట్టు. మార్చిన పేపరు పంపితే మళ్ళీ ఒకసారి గడియారం పెట్టుకుని రాస్తాను.

నీ
రమణ