కూడిక సరిగ్గానే ఉన్నా పాస్‌బుక్‌తో కలవని నెల లెక్క: మా దగ్గర లెక్కల పుస్తకాలు చూపించుకునేవారికి

"అన్నా, పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టాను. మూడుసార్లు కూడి చూశాను, కూడికలో తప్పు లేదు. అయినా పాస్‌బుక్‌తో కలవట్లేదు. ఎక్కడ పోయిందో చూసి చెప్పండి."

ఇలా అడిగేవారికి మా జవాబు ఇది. కూడిక సరిగ్గా ఉందంటే ఇక కూడడం ఆపేయండి. 1,710 రాయాల్సిన చోట 1,170 రాస్తే, ఆ 1,170తోనే కూడిక చక్కగా కుదురుతుంది. పదిసార్లు కూడినా పదిసార్లూ అదే మొత్తం వస్తుంది. అలాంటి తప్పును పుస్తకం తనంతట తాను చూపించదు, పాస్‌బుక్ పక్కన పెడితేనే బయటపడుతుంది. నెలాఖరులో మీ లెక్కల పుస్తకం, పాస్‌బుక్ ఫోటోలు వచ్చాక మేము ఏ వరసలో చూస్తామో, ఫోటో ఎలా ఉంటే పని జరుగుతుందో ఈసారి వివరంగా రాస్తున్నాం. చాలామంది దీన్ని ఇంట్లోనే చేసుకోగలరు. అప్పుడు మాకు డబ్బు కట్టే పని ఉండదు, అది మాకు సంతోషమే.

ముందుగా ఒక సంగతి. పాస్‌బుక్‌తో కలవాల్సింది మీ పుస్తకంలోని బ్యాంకు గడి నిల్వ మాత్రమే. నగదు గడి నిల్వ గల్లాపెట్టెలోని నోట్లతో కలవాలి. రెండూ కలిపి ఒకే గడిలో రాసుకునేవారికి కింద చెప్పేది పనికిరాదు, ముందు గడులు విడదీయాలి. గల్లా నుంచి తీసి బ్యాంకులో కట్టిన డబ్బు రెండు చోట్లా పడాలి: నగదు గడిలో ఖర్చుగా, బ్యాంకు గడిలో జమగా.

ఇప్పుడు ఒక కిరాణా కొట్టు లెక్క తీసుకుందాం. అంకెలు వివరించడం కోసం వేసుకున్నవే గానీ, మా దగ్గరికి వచ్చే పుస్తకాల తీరు సరిగ్గా ఇదే. 30 రోజుల నెల. నెలాఖరున పుస్తకంలో బ్యాంకు నిల్వ 48,316. పాస్‌బుక్‌లో 50,258.30. తేడా 1,942.30. ఈ 1,942.30ని పట్టుకుని పుస్తకంలో వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే అందులో తప్పు కానివి కూడా కలిసి ఉన్నాయి. వాటిని ముందు తీసేయాలి.

మొదటిది, మీరు ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు రాకపోవడం. ఈ కొట్టువారు 28న హోల్‌సేల్ వ్యాపారికి 2,500 చెక్కు ఇచ్చి పుస్తకంలో ఖర్చు రాశారు. ఆయన దాన్ని ఇంకా వేయలేదు. కాబట్టి పాస్‌బుక్ నిల్వలోంచి 2,500 తీసి చూడాలి: 47,758.30. రెండోది, బ్యాంకు తనంతట తాను కోసుకున్న సొమ్ము. మీరు రూపాయల్లోనే రాస్తారు, తేడాలో పైసలు కనిపించాయంటే అది దాదాపు ఎప్పుడూ బ్యాంకు చార్జీ గానీ వడ్డీ గానీ అయి ఉంటుంది. ఇక్కడ 29న ఎస్సెమ్మెస్ చార్జీ 17.70 పడింది, పుస్తకంలో లేదు. పుస్తకం నిల్వలోంచి అది తీస్తే 48,298.30. ఇప్పుడు అసలు తేడా బయటికొచ్చింది: పుస్తకంలో సరిగ్గా 540 ఎక్కువ. మొదట పాస్‌బుక్‌లో ఎక్కువ ఉన్నట్టు కనిపించింది, నిజానికి ఎక్కువ ఉన్నది పుస్తకంలో. ఈ దిక్కు తెలియకుండా వెతికితే సగం శ్రమ వృథా.

క్యూఆర్ కోడ్ మీద వచ్చే డబ్బు విషయంలోనూ ఇలాగే చూసుకోవాలి. కొన్ని యాప్‌లు ఈ రోజు వసూలును మర్నాడు ఒకే మొత్తంగా ఖాతాలో వేస్తాయి. నెల చివరి రోజు వసూలు వచ్చే నెల ఒకటో తేదీన పాస్‌బుక్‌లో కనిపిస్తే అది తప్పు కాదు.

తేడా తేలాక చాలామంది ఒకటో తేదీ నుంచి వరసగా టిక్కులు పెట్టుకుంటూ వస్తారు. అంత పని అక్కర్లేదు. పుస్తకంలో ప్రతి రోజుకూ ముగింపు నిల్వ ఉంది, పాస్‌బుక్‌లో ప్రతి వరుసకూ నిల్వ ఉంది. నెల మధ్యలో ఒక తేదీ పట్టుకుని రెండు నిల్వలు పక్కపక్కన పెట్టండి. ఈ కొట్టులో 15న రెండూ 36,420. అంటే మొదటి సగం అంతా శుభ్రం, దాని వైపు మళ్లీ చూడనక్కర్లేదు. తర్వాత 23 చూస్తే పుస్తకం 43,260, పాస్‌బుక్ 42,720. తేడా 540. తప్పు 16కీ 23కీ మధ్య ఉంది. 19న కలిసింది. 21న కలవలేదు. 20న కలిసింది. అంతే, 21వ తేదీ పేజీ ఒక్కటే మిగిలింది. నెల మొత్తానికి ఐదు పోలికలు సరిపోయాయి.

దీనికి ఒక షరతుంది. పోల్చే తేదీన పాస్ కాని చెక్కు, దారిలో ఉన్న వసూలు ఏదైనా ఉంటే ముందు దాన్ని సర్దుకోవాలి, లేదా అలాంటిది లేని పక్క తేదీ ఎంచుకోవాలి. ఇంకొకటి, తేడా మొదలైన తేదీ నుంచి నెలాఖరు దాకా అది 540గానే ఉండాలి. 21న 540 ఉండి 26న 290 అయిందంటే తప్పు ఒకటి కాదు, రెండు. అప్పుడు రెండో చోటు కోసం మళ్లీ ఇదే పద్ధతిలో విడిగా వెతకాలి. తప్పులు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో నిల్వలు కలిసినట్టు కనిపించే నెలలు కూడా ఉంటాయి. అవి ఈ పద్ధతికి లొంగవు, మొత్తం టిక్కు పెట్టాల్సిందే.

21వ తేదీ బ్యాంకు గడి ఇలా ఉంది. తెచ్చిన నిల్వ 38,640. జమ: క్యూఆర్ వసూలు 3,285, బ్యాంకులో కట్టిన నగదు 4,000. ఖర్చు: కరెంటు బిల్లు 1,170, నూనె డీలరుకు 2,850. ముగింపు 41,905. పాస్‌బుక్‌లో ఆ రోజు చివరి నిల్వ 41,365.

ఇక్కడ 540 అనే అంకే దారి చెబుతుంది. అది 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది, 60 వస్తుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 ఎక్కంలోనే పడుతుంది. పదుల, వందల స్థానాలు తారుమారైతే ఆ రెండు అంకెల మధ్య తేడాను 90తో గుణించినంత వస్తుంది. 540 కావాలంటే ఆ అంకెల తేడా 6 కావాలి: 1-7, 2-8, 3-9, లేదా 0-6. పేజీలో అలాంటివి రెండే ఉన్నాయి, 3,285లో 2-8, 1,170లో 1-7. ఇప్పుడు దిక్కు పనికొస్తుంది. అసలు జమ 3,825 అయి ఉండి 3,285 రాసి ఉంటే పుస్తకంలో తక్కువ రావాలి. మనకు ఎక్కువ వచ్చింది. కాబట్టి అది కాదు. ఖర్చు 1,710ని 1,170గా రాస్తే పుస్తకంలో 540 మిగిలిపోతుంది. పాస్‌బుక్‌లో కరెంటు బిల్లు 1,710 అనే ఉంది.

9తో భాగించబడినంత మాత్రాన తారుమారేనని తీర్మానించకండి. 600ను 60గా రాసినా తేడా 540 వస్తుంది. 540 ఖర్చు ఒకటి అసలు రాయకపోయినా, 540 జమ రెండుసార్లు రాసినా అంతే. 270 ఖర్చును పొరపాటున జమ వైపు రాసినా తేడా రెట్టింపై 540 అవుతుంది. అందుకే పేజీ ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే అంకె గురించి ఆలోచించమంటాం. నెల మొత్తంలో ఈ అవకాశాలన్నీ వెతికితే తల తిరుగుతుంది, ఒక్క పేజీలో అయితే నిమిషాల పని.

ఫోటో వల్ల వచ్చే చిక్కు వేరే. పుస్తకంలో తప్పు ఉందా, మేము ఫోటోలో తప్పు చదివామా అన్నది ముందు తేలాలి. దానికి పేజీ కూడికే సాక్ష్యం. కరెంటు బిల్లును 1,170గా చదివి లెక్క వేస్తే 41,905 వచ్చింది, పేజీ కింద రాసింది కూడా 41,905. అంటే మేము చదివింది సరే, రాయడంలోనే తప్పు. అదే పేజీ కింద 41,365 అని రాసి ఉంటే, పుస్తకంలో ఉన్నది 1,710 అనీ ఫోటోలో మేము తప్పు చదివామనీ అర్థం. పేజీ కూడిక అసలు ఏ విధంగానూ కుదరకపోతే ఆ తేడా చూస్తాం. 5, 50, 500 అయితే 3ని 8గా గానీ 8ని 3గా గానీ చదివామేమో, 6, 60, 600 అయితే 1-7 గానీ 0-6 గానీ అయి ఉంటుందేమో అనుకుంటాం. సరిగ్గా 100 లేదా 1,000 అయితే మీరు కూడేటప్పుడు పక్క స్థానానికి వెళ్లాల్సిన ఒకటి వెళ్లలేదేమో చూస్తాం.

వచ్చే నెల నుంచి ఫోటోలు ఇలా పంపమని కోరుతున్నాం. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా విప్పి, కుట్టు దగ్గర చేత్తో అదిమి పట్టండి. ఆ మడతలోనే చివరి అంకె మాయమైపోతుంది, 1,170 కాస్తా 117 అవుతుంది. ఫోన్‌ను పేజీకి నేరుగా పైన పట్టుకోండి. పక్క నుంచి తీస్తే గీతలు ఏటవాలుగా పడి, ఒక వరుస పేరు ఎదుట కింది వరుస మొత్తం ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. ఒక ఫోటోకి ఒకే పేజీ, పైన తెచ్చిన నిల్వ నుంచి కింద ముగింపు నిల్వ దాకా మొత్తం పడాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు పెన్సిల్ గీతలు కూడా చెరిగిపోకుండా వస్తాయి. పాస్‌బుక్ మొదటి పేజీ మాకు అక్కర్లేదు, ఖాతా నంబరు కనిపించే చోట కాగితం ముక్క అడ్డం పెట్టండి. పాస్‌బుక్ చాలాకాలం అచ్చు వేయించకపోతే కొన్ని బ్యాంకుల్లో పాత లావాదేవీలన్నీ కలిపి ఒకే వరుసగా పడతాయి. అలాంటి నెలకు రోజువారీ నిల్వలు ఉండవు కాబట్టి స్టేట్‌మెంట్ తీసుకుని పంపాలి.

తప్పు దొరికాక 1,170ని 1,710గా దిద్దకండి. అలా చేస్తే ఆ తర్వాత తొమ్మిది రోజుల ముగింపు నిల్వలన్నీ కొట్టేసి మళ్లీ రాయాలి, అందులో కొత్త తప్పులు పుడతాయి. దొరికిన రోజు తేదీన బ్యాంకు గడిలో ఖర్చు వైపు 540 రాసి, పక్కన "21వ తేదీ కరెంటు బిల్లు తక్కువ రాసిన తేడా" అని పెట్టండి. దాని కింద చార్జీ 17.70 రాయండి. 48,316లోంచి రెండూ పోతే 47,758.30. బ్యాంకుకు రాని 2,500 చెక్కు తీసేసిన పాస్‌బుక్ నిల్వ కూడా అదే.

ఫోటోలో అంకె కనిపించకపోతే మేము ఊహించి రాయం, ఫోన్ చేసి అడుగుతాం. ఆ సమయంలో పుస్తకం, ఆ రోజు బిల్లులు మీ దగ్గర ఉంటే అప్పటికప్పుడే తేలిపోతుంది. తప్పు ఒక్కటే అయిన నెలకు మామూలు రుసుమే. రెండు మూడు తప్పులుండి మొత్తం టిక్కు పెట్టాల్సి వస్తే పేజీల లెక్కన ఎంత అవుతుందో ముందే చెప్పి, మీరు సరే అన్నాకే మొదలుపెడతాం.