ఫోన్‌కి ఇకపై మూడు వేళలు

"అక్కా, కొట్టు తెరిచే ఉంటుంది, ఫోన్ చేస్తే ఎత్తరు. మెసేజ్ పెడితే మధ్యాహ్నం దాకా చూడరు. ఏమైంది మీకు?"

పొద్దున 11 నుంచి ఒంటిగంటన్నర దాకా కటింగ్ బల్ల దగ్గర ఫోన్ ఉంచడం మానేశామండి. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కత్తెర తప్పితే మీ పట్టు చీర బ్లౌజు ముక్క మళ్లీ దొరకదు.

ఛాతీ కొలత 36 అనుకోండి. అందులో నాలుగో వంతు 9 అంగుళాలు. లూజుకి అర అంగుళం, కుట్టు మార్జిన్‌కి ఒకటిన్నర కలిపితే 11 దగ్గర చాక్ గీత పడాలి. తొమ్మిదిన్నర దగ్గర చుక్క పెట్టిన క్షణంలో ఫోన్ మోగుతుంది. "ఫాల్ అయిందా?" అన్నదానికి జవాబు చెప్పి తిరిగొచ్చేసరికి ఆ చుక్క మార్జిన్ కలిపినదో కలపనిదో తేలదు. అక్కడే కోసేస్తే నాలుగు భాగాలూ కలిపి 38 అంగుళాల గుడ్డే ఉంటుంది. ఒక్కో భాగానికి కుట్టులో అర అంగుళం పోయినా చేతికొచ్చేది సరిగ్గా 36. లూజు ఉండదు, తర్వాత వదులు చేయడానికి లోపల గుడ్డా ఉండదు. మాట్లాడింది రెండు నిమిషాలే అయినా, మళ్లీ మొదటి కొలత నుంచి టేపు పెట్టి చూసుకోవాల్సిందే.

అందుకే మెసేజ్‌లు పొద్దున 10:15 నుంచి 11 దాకా, మళ్లీ మధ్యాహ్నం 1:45 నుంచి 2:15 దాకా చూస్తాం. ఫోన్లు సాయంత్రం 5:30 నుంచి 6:30 దాకా. పొద్దున వేళలో అన్నింటికంటే ముందు చూసేది మార్పులు: మెడ లోతు, చేతి పొడవు, హుక్కులు ముందా వెనకా. ఆ రోజు కోయబోయే బట్టల్ని ఆపగలిగేది అప్పుడే. తర్వాత ఆ రోజు డెలివరీల సంగతి, చివర కొత్త ఆర్డర్ల ధరలు. వచ్చిన వరసలో చదివితే ధర అడిగిన పది మెసేజ్‌ల కింద "మెడ 8 వద్దు, 7 చాలు" అన్నది ఉండిపోతుంది. 7 కోసినదాన్ని 8 చేయొచ్చు గానీ, 8 కోసినదాన్ని 7 చేయలేం. చేయి కూడా అంతే, పొట్టి చేయగలం, పొడుగు చేయలేం.

కాబట్టి ఇకపై బిల్లు మీద డెలివరీ తేదీతో పాటు కటింగ్ తేదీ కూడా రాస్తాం. ఆ రోజు పొద్దున 10 లోపు బిల్లు నంబరుతో మార్పు రాసి పంపండి. వాయిస్ మెసేజ్ అయితే బట్ట పక్కన పిన్ను చేసి పెట్టలేం, రాస్తే అలాగే చీటీ మీద ఎక్కించి గుడ్డకి గుచ్చేస్తాం.

సాయంత్రం మేం చేసే ఫోన్లకి ఒక కాగితం ఉంటుంది: బిల్లు నంబరు, అడగాల్సింది, చెప్పిన జవాబు. పగలంతా కుట్టేటప్పుడు వచ్చే అనుమానాలు అందులో పడతాయి, అప్పటికప్పుడు ఫోన్ చేయం. ఒకే బిల్లుకి మూడు అనుమానాలుంటే ఒక్క ఫోన్‌తో అయిపోతుంది. రెండుసార్లు చేసినా మీరు ఎత్తకపోతే ఆ బట్ట పక్క హ్యాంగర్‌కి వెళ్తుంది, తేదీ జరుగుతుంది. ఊహించి మాత్రం కుట్టం.

లైనింగు షాపుల బిల్లులు, మగ్గం పనివాళ్ల లెక్కలు, అకౌంటెంట్‌కి పంపాల్సిన కాగితాలు బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4:30 దాకా చూస్తాం. ఆ వేళ కొలతలు తీసుకోం. ఒక కాగితం చేతిలోకి తీసుకుంటే అది ఫైల్లోకైనా వెళ్లాలి, చెల్లింపైనా అయిపోవాలి. మళ్లీ డ్రాయర్లో పడిందంటే వచ్చే బుధవారం దాన్ని మొదటి నుంచి చదవాల్సిందే.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది, దాచడం ఎందుకు. మధ్యాహ్నం అరగంట శ్రావణమాసంలో చాలదు. వరలక్ష్మీ వ్రతం ముందు రెండు వారాలు దాన్ని గంట చేస్తాం, కటింగ్ పొద్దున 9:30కే మొదలుపెడతాం, మార్పుల గడువు ముందురోజు సాయంత్రం 6 అవుతుంది. వాట్సాప్‌లో మేం చూడని వేళల్లో దానంతటదే వెళ్లే Away message కూడా మార్చాం. "త్వరలో జవాబిస్తాం" అని ఉన్నంతకాలం దాన్ని చూసి వెంటనే ఫోన్ చేసేవారు. ఇప్పుడు వేళలే ఉంటాయి. మా ఫోన్‌కి నెట్ లేకపోతే అది కూడా రాదు, నెట్ వచ్చాకే మీ మెసేజ్ మాకు అందుతుంది.

పెళ్లి బట్టలు ఆ రోజే కావాల్సినవాళ్లు, ట్రయల్‌కి బయల్దేరినవాళ్లు ఏ వేళైనా చేయండి. బిల్లు మీద కింద ఉన్న రెండో నంబరు కౌంటర్లోది, దాన్ని కటింగ్ బల్ల దగ్గరివాళ్లు ఎత్తరు. ధరలకి ఆ నంబరుకి చేస్తే మాత్రం సాయంత్రం 5:30కే చేయమంటారు, ఏమీ అనుకోకండి.