ఏజెంటు మానేస్తే ఆ రెన్యువల్ కమిషన్ ఎవరిది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. బీమా ఏజెంట్లు అవసరం లేని పాలసీలు అంటగడుతున్నారని ఈమధ్య మీ పత్రికలో పాఠకుల లేఖలు వరుసగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు నిజమే. కాకపోతే రాసినవాళ్లందరూ ఏజెంటు బుద్ధి గురించే రాశారు. ఆ ఏజెంటు చేతికి డబ్బులు ఏ పద్ధతిలో వస్తాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక బీమా సంస్థ శాఖలో ఏజెంట్ల కమిషన్ బిల్లులు తయారుచేసే సీట్లో చాలా ఏళ్లు కూర్చుని రిటైరైనవాడిని కాబట్టి, ఆ వైపు సంగతి కాస్త రాయాలనిపించింది.

కమిషన్ మీదే బతికే ఏజెంటుకు జీతం ఉండదు. పెట్రోలు, ఫోను, ఇంటింటికీ తిరిగే ఖర్చు అంతా సొంతానిదే. పాలసీ అమ్మితే మొదటి ఏడాది ప్రీమియంలో పెద్ద వాటా ఇస్తారు. ఆ తర్వాత పాలసీదారు ప్రీమియం కట్టినప్పుడల్లా చిన్న వాటా ఇస్తారు, దాన్నే రెన్యువల్ కమిషన్ అంటాం. శాతాలు సంస్థను బట్టి, పాలసీని బట్టి, దేశాన్ని బట్టి మారతాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఏడాది ప్రీమియం వంద అనుకుందాం, మొదటి ఏడాది కమిషన్ 30, తర్వాత ఏటా 5 అనుకుందాం.

ఒకావిడ కొత్తగా ఏజెన్సీ తీసుకుని ఏడాదికి 40 పాలసీలు చేసిందనుకోండి. ఇది తక్కువ పనేమీ కాదు. మొదటి ఏడాది ఆమెకు 1200 వస్తుంది. రెండో ఏడాదికి ఆ 40లో పది ల్యాప్స్ అయ్యాయనుకుందాం. మిగిలిన 30 పాలసీల మీద రెన్యువల్ కింద వచ్చేది 150. మూడో ఏడాదికి ఆ పాతవి 26, రెండో ఏడాది చేసిన 40లో 30 నిలబడితే 280. నాలుగో ఏడాది 400, ఐదో ఏడాది 515. అంటే ఐదేళ్లు ఆగకుండా పరిగెత్తి, నూరుకు పైగా పాలసీలు నిలబెట్టుకున్నాక కూడా, పాత పాలసీలన్నీ కలిపి ఇచ్చేది ఆ ఏడాది కొత్త పాలసీల కమిషన్‌లో సగం కూడా కాదు. 'కొన్నేళ్లు కష్టపడండి, తర్వాత కూర్చుని తినొచ్చు' అని ఏజెన్సీ ఇచ్చేటప్పుడు చెప్పే మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి.

పైగా అది నెలనెలా సమంగా వచ్చే డబ్బు కాదు. ఆ 40 పాలసీల్లో సగానికి దగ్గరగా ఆర్థిక సంవత్సరం చివరి రెండు నెలల్లో పడతాయి, ఎందుకంటే జనం పన్ను మినహాయింపు గురించి ఆలోచించేది అప్పుడే, మా ఆఫీసులో టార్గెట్ల ఒత్తిడి పెరిగేదీ అప్పుడే. మిగతా పది నెలల్లో ఒక నెల మూడు, ఒక నెల ఒకటి, ఒక నెల సున్నా. ఏడాదికోసారి కట్టే పాలసీలైతే వాటి రెన్యువల్స్ కూడా అవి అమ్మిన నెలల్లోనే పడతాయి. పచ్చగా ఉన్న నెల మరింత పచ్చబడుతుంది, ఎండిన నెల ఎండినట్టే ఉంటుంది. పాలసీదారు గ్రేస్ పీరియడ్ వాడుకుని ఆలస్యంగా కడితే కమిషన్ తర్వాతి బిల్లుకు పోతుంది. మెడికల్ రిపోర్టు రాలేదని ప్రపోజల్ ఆగితే, ప్రీమియం డబ్బు మా దగ్గరే ఉన్నా ఆమెకు పైసా రాదు. ఫ్రీలుక్ గడువులో కస్టమరు పాలసీ వెనక్కిచ్చేస్తే, చెక్కు బౌన్స్ అయితే, ఇచ్చిన కమిషన్ తర్వాతి బిల్లులో కోసేస్తాం. అలా మైనస్‌లో తేలిన బిల్లులు నా చేతులమీదుగానే ఎన్నో వెళ్లాయి. ఆ నెల ఆ మనిషి సంస్థకు పని చేసి, సంస్థకే బాకీ పడినట్టు!

ఇప్పుడు అంటగట్టడం సంగతికి వస్తాను. పైన చెప్పిన 30ని 5తో భాగించండి. ఒక కస్టమరు చేత పాత పాలసీ ఆపించి అదే ప్రీమియానికి కొత్తది రాయిస్తే వచ్చే కమిషన్, ఆ పాత పాలసీని ఆరేళ్లు కాపాడితే వచ్చే రెన్యువల్‌తో సమానం. కస్టమరుకు మాత్రం అది దాదాపు ఎప్పుడూ నష్టమే. తొలి ఏళ్లలో సరెండర్ చేస్తే కట్టినదాంట్లో పెద్ద ముక్క పోతుంది, వయసు పెరిగింది కాబట్టి కొత్త ప్రీమియం ఎక్కువవుతుంది, ఆరోగ్య ప్రశ్నలు మళ్లీ మొదటికొస్తాయి. సున్నా నెలలో ఉన్న మనిషి ముందు ఈ తేడా పెట్టి, నీతిగా ఉండు అని చెబుతున్నాం. చాలామంది ఉంటారు కూడా, అది వాళ్ల మంచితనం. మేం ఇచ్చే కమిషన్ పద్ధతిలో మాత్రం అలా ఉండమనేది ఏదీ లేదు.

మొదటి కమిషన్ పెద్దది కావడం వల్ల ఇంకో రోగం కూడా ఉంది. 'ఫలానా ఏజెంటు మొదటి ప్రీమియంలో సగం తానే కడతానన్నాడు, మీరెంత ఇస్తారు?' అని అడిగే కస్టమర్లున్నారు. ఇలా కమిషన్ పంచి ఇవ్వడం చాలా చోట్ల చట్టవిరుద్ధం. అయినా జరుగుతుంది, కాగితం మీద 30 వచ్చిన ఏజెంటు జేబులో మిగిలేది 15 అవుతుంది. పన్ను కోత మాత్రం 30 మీదే పడుతుంది.

అసలు నేను రాయదలుచుకున్నది దీని తర్వాతి మెట్టు గురించి. ఆ ఏజెంటు మానేస్తే, లేదా కనీస సంఖ్యలో కొత్త పాలసీలు చేయలేదని సంస్థే తీసేస్తే, ఆమె చేసిన పాలసీల మీద రెన్యువల్ ఎవరికి పోతుంది? ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఇన్నేళ్లు పనిచేసి ఉంటే, ఇంత వ్యాపారం నిలబడి ఉంటే, మానేశాక కూడా ఇస్తామని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది. అమెరికా ఏజెన్సీ ఒప్పందాల్లో దీన్ని వెస్టింగ్ అంటారు. ఆ గడువు నిండకముందే బయటికి వచ్చినవాళ్లకు మాత్రం ఆగిపోతుంది. కొత్తగా చేరేవాళ్లలో నిలదొక్కుకోలేక తొలి ఏళ్లలోనే పోయేవాళ్లు చాలామంది కాబట్టి, ఈ నిబంధన తగిలేది ఎక్కువగా వాళ్లకే.

పై ఉదాహరణలో ఆవిడ మూడేళ్లు చేసి మానేసిందనుకోండి. నాలుగో ఏడాది 80 పాలసీలు ప్రీమియం కడుతూనే ఉంటాయి. వాటి మీద ఆమెకు రావాల్సిన 400 ఆగిపోతుంది. ఏజెంటు లేడు కదా అని పాలసీదారుకు ప్రీమియం తగ్గిస్తారా అంటే తగ్గించరు. కమిషన్ ఖర్చు వేసుకునే సంస్థ ఆ ప్రీమియం లెక్కగట్టింది, అది ఏటా వసూలవుతూనే ఉంటుంది. ఆ పాలసీలకు మా ఆఫీసు భాషలో ఆర్ఫన్ పాలసీలని పేరు. గడువు గుర్తుచేసేవాళ్లుండరు, నామినీ మార్చాలంటే ఫారం ఇచ్చేవాళ్లుండరు. అలాంటివి ల్యాప్స్ అవుతుంటే చూస్తూ ఉండటమే మా పని. క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లు అమ్మిన మనిషి పేరు చెప్పుకుంటూ కౌంటరు ముందు నిలబడేవారు.

దీనికి సంస్థల వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు, నేనే ఎన్నోసార్లు చెప్పాను: రెన్యువల్ అనేది సేవ చేస్తున్నందుకు ఇచ్చేది, సేవ మానేశాక ఎందుకివ్వాలి? ఈ మాటలో సగం న్యాయం ఉంది. సేవకే అయితే, ఆ పాలసీని చూసుకోమని వేరే ఏజెంటుకు అప్పగించి అతనికైనా ఇవ్వాలి కదా. మిగతా సగం అమ్మకపు ప్రతిఫలమే. మొదటి రోజే ఇవ్వాల్సినదాన్ని విడతలుగా ఇస్తున్నారంతే. కాబట్టి మానేసిన ఏజెంటు రెన్యువల్‌ను రెండుగా చీల్చి, పాలసీ నడిచినంతకాలం ఒక భాగం అమ్మినవారికి, ఒక భాగం ఇప్పుడు చూసుకుంటున్నవారికి ఇవ్వాలని నియంత్రణ సంస్థ నిబంధన పెట్టాలి. మోసానికి పాల్పడి తొలగింపబడినవారి సంగతి వేరు. ఎవరికీ అప్పగించకుండా సంస్థే ఉంచుకునే దారి మాత్రం ఉండకూడదు.

మొదటి ఏడాది వాటా తగ్గించి రెన్యువల్ పెంచితే సరిపోతుంది కదా అంటారు కొందరు. ఆస్ట్రేలియాలో అలా చేసి చూశారు. 2018లో మొదలుపెట్టి, జీవిత బీమా సలహాదారుల తొలి కమిషన్ పరిమితిని మెట్లు మెట్లుగా దించి 2020 నుంచి ప్రీమియంలో 60 శాతం చేశారు, ఆ తర్వాత ఏటా 20 శాతం. రెండేళ్లలోపు పాలసీ ఆగిపోతే కమిషన్ తిరిగి లాక్కునే నిబంధన కూడా పెట్టారు. దిశ సరైనదే. కానీ మన ఉదాహరణలో 30, 5 బదులు 18, 8 చేసి చూడండి. ఒక పాలసీ ఐదేళ్లు నిలబడితే మొత్తం కమిషన్ రెండు విధాలా 50 మాత్రమే. కొత్త ఏజెంటుకు మాత్రం మొదటి ఏడాది 1200 బదులు 720 వస్తుంది. నాలుగైదేళ్లకు గానీ పాత పద్ధతికి దరిదాపుల్లోకి రాదు. అంతవరకు ఇల్లు గడిచేదెలా? తొలి రెండేళ్లు స్టైపెండ్ ఇవ్వకుండా ఈ మార్పు చేస్తే, ఇంట్లో ఇంకో జీతం ఉన్నవాళ్లు తప్ప మరెవరూ ఈ పనిలోకి రాలేరు. ఆ స్టైపెండ్ కూడా తర్వాత కమిషన్‌లో కోసుకునే అడ్వాన్సు కాకూడదు. అడ్వాన్సు అంటే అప్పే.

స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లకు రెన్యువల్ అన్నదే లేదు, బేరం రిజిస్ట్రేషన్ దాకా వెళితేనే డబ్బు. అది వేరే లేఖకు సరిపడే విషయం.

ఒక్కటి మాత్రం రేపే చేయవచ్చు, దానికి చట్టం కూడా మార్చనక్కర్లేదు. ఏజెన్సీ ప్రకటనల్లో విదేశీ టూరుకు వెళ్లిన టాప్ ఏజెంట్ల ఫొటోలు వేస్తారు. దాని కింద రెండు అంకెలు కూడా వేయమనండి: మూడేళ్ల క్రితం చేరినవాళ్లలో ఇప్పుడెంతమంది మిగిలారు, వాళ్లందరినీ సంపాదన వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి పోయిన ఏడాది వచ్చిందెంత. రెండూ ప్రతి సంస్థ కంప్యూటరులోనూ ఉన్నాయి, తీయడానికి పూట కూడా పట్టదు. సగటు వేస్తామంటే ఒప్పుకోవద్దు. పైనున్న నలుగురి సంపాదన సగటును ఎక్కడికో లేపుతుంది.

ఇక ఏజెన్సీ తీసుకోబోయేవాళ్లు మొదటి ఏడాది కమిషన్ శాతం చూసి ఆగిపోకుండా, ఒప్పందంలో చివర్న ఎక్కడో ఉండే టెర్మినేషన్ క్లాజు తీసి చదవాలి. రెన్యువల్ ఎన్నేళ్లకు మీ సొంతమవుతుంది, కనీస వ్యాపారం తగ్గి సంస్థే తీసేస్తే ఏమవుతుంది, మీరు చనిపోతే ఇంట్లోవాళ్లకు వస్తుందా. ఈ మూడింటికీ నోటిమాట కాకుండా కాగితం మీద జవాబు తీసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇట్లు,
ఒక బీమా సంస్థ విశ్రాంత ఉద్యోగి