‘కోత’ను ‘కొత్త’గా చదివితే

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోవడం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్ళడం లేదు, ఎందుకంటే నేను కూడా ఫోనులో అలాగే రాస్తాను. అలా రాసిన మాటను మరొకరు చదివి వేరే భాషలోకి మార్చేటప్పుడు జరుగుతున్న పొరపాటు గురించే ఈ లేఖ.

మొన్న దాళ్వా కోతల సమయంలో మా ఊరి కౌలు రైతు ఒకాయన బెంగళూరులో ఉంటున్న భూమి యజమానికి "repu kotha machine vastadanta. dabbulu pampandi" అని పంపాడు. యజమాని పనిలో ఉండడంతో ఆ సందేశాన్ని ముందుగా చూసింది తెలుగు చదవడం రాని ఆయన కూతురు. రేపు కొత్త యంత్రం వస్తోంది, డబ్బు పంపు అని ఆ అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో తండ్రికి చేరవేసింది. అడగకుండా యంత్రం కొనడమేమిటని ఆయనకు కోపం వచ్చి రెండు రోజులు జవాబివ్వలేదు. గంటల లెక్కన అద్దెకు తిరిగే కోత మిషను ఈలోగా పక్క ఊరి చేలోకి వెళ్ళిపోయింది. రైతు రాసింది ‘రేపు కోత మిషను వస్తాదంట, డబ్బులు పంపండి’ అని.

ఇందులో ఆ అమ్మాయి తప్పు తక్కువ. ‘కోత’, ‘కొత్త’ రెండూ "kotha" అయిపోవడానికి కారణం మన రాత అలవాటులోనే ఉంది. ‘ట’కు "t" రాస్తాం కాబట్టి ‘త’ను వేరుగా చూపడానికి చాలాచోట్ల "th" రాస్తున్నాం. అక్కడి "h" ఒత్తు కాదు, నాలుక పంటికి తగులుతుందనడానికి గుర్తు మాత్రమే. పండితుల పట్టికల్లో "th" అంటే ‘థ’ కనుక ఆ పట్టికతో చాటింగు చదివేవారు అక్కడే దారి తప్పుతారు. ఇక ద్విత్వాన్ని చాలామంది అసలు రాయరు. దీర్ఘాల సంగతి ఇంకా చిక్కు: ‘ఆ’కు "aa", ‘ఈ’కి "ee", ‘ఊ’కు "oo" వాడుకలో కుదిరాయి గాని, ‘ఏ’కూ ‘ఓ’కూ జంట అక్షరాలు మిగలలేదు. జాగ్రత్తగా రాద్దామని "kootha" అంటే అది ‘కూత’ అవుతుంది. 1990ల్లో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో పెద్దబడి అక్షరాలతో "kOta", "kotta" అని ఈ తేడా చూపే వీలుంది. కానీ గట్టు మీద నిలబడి బొటనవేలితో కొట్టే మనిషి దాన్ని పాటిస్తాడని నేను అనుకోను.

అయితే ఆ సందేశంలోనే జవాబు కూడా ఉంది. "vastadanta" చివర ఉన్న ‘అంట’ విన్న మాటను చెప్పేది, పుస్తక భాషలో ‘అట’. తాను కొన్న యంత్రం గురించి ఎవరూ ‘వస్తాదంట’ అనరు. డ్రైవరో మధ్యవర్తో చెప్పగా తెలిసిన అద్దె మిషను గురించే అంటారు. అనువాదంలో ఆ ‘అంట’ జారిపోవడంతో వినికిడి కాస్తా ఖాయమైన వార్త అయింది, ‘కోత’ను పట్టిచ్చే ఆధారమూ పోయింది. అలాగే "pampandi"లోని ‘అండి’ పోయి, బతిమాలుకున్న మాట హుకుంలా వినిపించింది. మా కోనసీమలో పెద్దల మాటకు బదులుగా పలికే ‘ఆయ్’ని "ay" అని రాస్తే దాన్ని ఏ భాషలోకి ఎలా మార్చాలో నాకూ తెలియదు. ‘సరే’ అంటే అందులోని మర్యాద రాదు.

కొన్నిచోట్ల సందేశం ఒక్కటే చాలదు. "ante" అని ఒంటరిగా వస్తే అది విషయాన్ని ముగించే ‘అంతే’నో, వివరం అడిగే ‘అంటే’నో ముందు నడిచిన సంభాషణ చూస్తేగాని చెప్పలేం. కాలువలు కట్టేసే వేసవిలో "kaluva" అంటే ‘కాలువ’ అని మా డెల్టాలో ఎవరైనా పోల్చుకుంటారు. ఊరూ కాలమూ తెలియని అనువాదకుడు కలువపూవు అనుకుంటే ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు ఊహించి రాయకుండా, పంపినవారినే అడగడం మేలు.

ఇంగ్లీషు అక్షరాల నుంచి నేరుగా వేరే భాషలోకి దూకకుండా, ముందు ఆ వాక్యాన్ని తెలుగు లిపిలో రాసి చూసుకోవాలి. ‘కోత’ అని రాయాలా ‘కొత్త’ అని రాయాలా అన్న ప్రశ్న అప్పుడు తప్పించుకోలేనిది అవుతుంది. తగాదాల వార్తల్లో మీ పత్రిక కూడా ఫోను సందేశాలను తరచుగా ఉటంకిస్తోంది. అలా ఇచ్చేటప్పుడు పంపినవారు కొట్టిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా, పక్కనే మీరు చదువుకున్న తెలుగు రూపాన్ని కూడా ముద్రించవలసిందిగా, రెండు రకాలుగా చదవడానికి వీలున్న చోట ఆ రెండూ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజోలు.