స్లైడు శీర్షికలో అసలు సంగతి ఉండాలి

సంపాదకుడు గారికి,

ఈ మధ్య ఒక వైద్య సమీక్ష సమావేశంలో చూపిన స్లైడు నా కంటపడింది. పైన "సిజేరియన్ ప్రసవాలు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5" అని శీర్షిక. కింద గుండ్రటి పై చార్టు, అందులో ప్రైవేటు 65 శాతం, ప్రభుత్వం 35 శాతం. తెలంగాణకు సంబంధించిన సర్వే పట్టికలో ఈ రెండు అంకెలూ లేవు.

పట్టికలో ఉన్నవి 81.5, 44.5. ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన ప్రతి వంద కాన్పుల్లో 81.5 సిజేరియన్లని మొదటిదాని అర్థం. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్రతి వందలో 44.5 అని రెండోదాని అర్థం. ఇవి రెండు వేర్వేరు వందల మీద తీసిన శాతాలు. కలిపితే 126 అవుతుంది. వాటిని పై చార్టులో పెట్టి శాతాలు వేయమంటే కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. 126నే మొత్తంగా తీసుకుని 65, 35గా పంచి పెడుతుంది. ఆ బొమ్మ చూసినవారు సిజేరియన్లలో మూడో వంతే సర్కారు దవాఖానాల్లో జరుగుతున్నాయని అనుకుంటారు. సర్వే చెప్పింది అది కానే కాదు.

గణాంకాల పనిలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా నాకు తోచేది ఇది: ఇలాంటి స్లైడు తయారుచేసేటప్పుడు చార్టు కంటే ముందు శీర్షిక రాయాలి. అది విషయం పేరులా కాక, క్రియతో ముగిసే పూర్తి వాక్యంలా ఉండాలి. "సిజేరియన్ ప్రసవాలు" అన్న శీర్షిక చూసి ఎవరికీ ఏమీ తెలియదు. పైగా తయారుచేసినవారికి కూడా తాము ఏం చెప్పదలిచారో తేల్చుకునే అవసరం రాదు. అక్కడే రంగులు, త్రీడీ హంగులు వచ్చి చేరతాయి.

అదే సర్వేలోని ఒకే అంకెను తీసుకుందాం. తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం. ఈ అంకె ఎక్కువో తక్కువో తెలియాలంటే దాని పక్కన మరొకటి ఉండాలి. దేశ సగటు 21.5. అప్పుడు శీర్షిక దానంతట అదే వస్తుంది: "తెలంగాణలో పది కాన్పుల్లో ఆరు సిజేరియన్లే, దేశం మొత్తం మీద రెండే." దాని కింద రెండు అడ్డ బార్లు చాలు. తెలంగాణది ముదురు రంగు, దేశానిది బూడిద రంగు. అంకెలు బార్ల చివరనే వేస్తే కొలబద్ద, గీతలు, రంగుల సూచిక అన్నీ తీసేయవచ్చు. బార్లు మాత్రం సున్నా నుంచే మొదలవ్వాలి.

ఆ చివరి మాట ఎందుకంటున్నానో చెబుతాను. అంతకుముందు సర్వేలో తెలంగాణ అంకె 57.7. పెరిగింది 3 శాతం పాయింట్లే. కానీ కొలబద్దను 55 దగ్గర మొదలుపెడితే కొత్త బారు పాతదానికి రెండింతలకు పైగా పొడవు కనిపిస్తుంది. "సిజేరియన్లు రెట్టింపు" అన్న వార్తకు అంతకంటే సులువైన దారి లేదు!

శీర్షిక రాశాక ఒక పరీక్ష పెట్టుకోవాలి: కింది బొమ్మ ఒక్కటే ఈ వాక్యాన్ని రుజువు చేస్తుందా? "ప్రైవేటు ఆసుపత్రుల ధనాశే కారణం" అని రాస్తే చేయదు. అది నిజమే కావచ్చు. కానీ ఈ సర్వే అంకె ఎన్ని జరిగాయో చెబుతుంది గానీ ఎందుకు జరిగాయో చెప్పదు. అలాగే ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 15 శాతం దగ్గర ఎర్రగీత గీసి "పరిమితి" అని రాయడం కూడా సరికాదు. ఏదో ఒక శాతాన్ని అందుకోవడం కంటే అవసరమైన ప్రతి తల్లికీ శస్త్రచికిత్స అందేలా చూడడం ముఖ్యమని ఆ సంస్థే 2015లో స్పష్టం చేసింది.

ఇక అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస తప్పనిసరి. అవి సర్వేకు ముందు ఐదేళ్లలోని కాన్పులని, తెలంగాణలో వివరాలు సేకరించింది 2019లోనని అందులో ఉండాలి. సర్వే పేరులో 2019-21 అని ఉండడంతో చాలామంది దీన్ని కరోనా కాలపు పరిస్థితిగా చదువుతున్నారు.

సమీక్షల్లో చూపిన స్లైడ్లే మరునాడు పత్రికల్లో చార్టులవుతున్నాయి. కాబట్టి ఆరోగ్య శాఖ తన అధికారులకు వాక్య శీర్షిక, అడుగు వరుస తప్పనిసరి చేయాలి. మీ పత్రిక కూడా అలాంటి బొమ్మను అచ్చువేసే ముందు ఆ శాతం ఏ వంద మీద తీసినదో పంపినవారిని అడిగి, ఆ మాట చార్టు కిందే వేయాలని కోరుతున్నాను.

– విశ్రాంత గణాంక అధికారి, హనుమకొండ