పిల్లల డిపాజిట్‌లో వడ్డీ ఎటు పోతోందో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీద పొదుపు, టర్మ్ డిపాజిట్ ఖాతాలు తెరిచి, తామే సంతకం చేసి నడుపుకోవచ్చని భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు తెలిపింది. ఎంత మొత్తం వరకు, ఏ షరతులపై అన్నది మాత్రం బ్యాంకుల విచక్షణకు వదిలింది. ఈ వెసులుబాటు మంచిదే. అయితే ఆ సంతకం ఏ గడి కింద పెడుతున్నారో పిల్లలకు చెప్పే పద్ధతి శాఖల్లో లేదు. మా ఇంట్లో జరిగినది రాస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మా అమ్మ ఒకప్పుడు సర్కారు బడిలో లెక్కలు చెప్పేది. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి రోజుకు దాదాపు పది రూపాయల చొప్పున హుండీలో వేసుకున్న డబ్బు ఏడాదికి 3,600 రూపాయలైంది. ఆ మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే ఏమవుతుందో ఆమె నోటుపుస్తకంలో వాడి చేతనే లెక్క కట్టించింది. ఏడాదికి 6 శాతం వడ్డీ అనుకుంటే, మూడు నెలలకు ఒకటిన్నర శాతం. మొదటి మూడు నెలలకు 54 రూపాయలు. ఆ 54 అసలులో కలవడంతో తరువాతి మూడు నెలలకు 54.81, ఆపైన 55.63, ఆపైన 56.47. ఏడాది చివరకు 3,820.91 అవుతుంది. రూపాయి కన్నా తక్కువగా పెరిగే ఈ తేడా చూసి వాడు పెదవి విరిచాడు. అప్పుడు ఆమె, డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ రేటుతో భాగించమంది. 6 శాతమైతే సుమారు 12 ఏళ్లకు డబ్బు రెట్టింపు అవుతుంది. అదే డబ్బు రెండున్నర శాతం ఇచ్చే పొదుపు ఖాతాలో ఉంటే దాదాపు 29 ఏళ్లు పడుతుంది. వాడు ఆ రెండు అంకెల కింద గీత గీసుకున్నాడు.

డిపాజిట్ వేశాక రెండు త్రైమాసికాలు గడిచేసరికి వాడి పొదుపు ఖాతా పాస్‌పుస్తకంలో 54 రూపాయలు, మళ్లీ 54 రూపాయలు జమ అయినట్టు కనిపించింది. "నానమ్మా, మన లెక్క తప్పా?" అని అడిగాడు. "మన లెక్క సరిగ్గానే ఉంది బిడ్డా. వడ్డీ అసలులో కలవకుండా పక్క ఖాతాలోకి పోతున్నది" అని ఆమె డిపాజిట్ రసీదు తీసి చూపించింది. గడువు తీరాక వచ్చే మొత్తం అన్నచోట కూడా 3,600 అనే ఉంది. మూడు నెలలకోసారి వడ్డీ చెల్లించే పద్ధతిని శాఖలోనే ఎంచి, ఫారం నింపి, చూపించిన చోట పిల్లవాడి చేత సంతకం పెట్టించారన్నమాట. మార్చమంటే, డిపాజిట్ మూసి కొత్తగా వేసుకోవాలన్నారు. గడువుకు ముందు మూస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి.

వడ్డీ డబ్బుతో ఇల్లు గడుపుకునే విశ్రాంత ఉద్యోగులకు ఆ పద్ధతి సరైనదే. ఖర్చు అవసరం లేని పిల్లవాడికి అది తగదు. వడ్డీ అసలుకు కలిపే పద్ధతిలో 3,600 ఐదేళ్లకు సుమారు 4,849 అవుతుంది. బయటకు చెల్లించే పద్ధతిలో, పొదుపు ఖాతా ఇచ్చే కొద్దిపాటి వడ్డీని పక్కన పెడితే, 4,680 దగ్గర ఆగుతుంది. 12 ఏళ్లకైతే, రేటు మారదనుకుంటే, ఇవే 7,357, 6,192 అవుతాయి. సాధారణంగా డిపాజిట్ గడువు పదేళ్లకు మించదు కనుక మధ్యలో కొత్త రేటుకు తిరిగి వేసుకోవాలి. ఇదీ పిల్లలకు చెప్పవలసినదే.

ధరల సంగతిని కూడా మా అమ్మ దాచలేదు. ఏటా 4 శాతం ధరలు పెరిగితే, ఈరోజు 3,600కు వచ్చే సరుకులకు ఐదేళ్ల తరువాత 4,380 పెట్టాలి. కనుక డిపాజిట్ ఇచ్చే 1,249 రూపాయల వడ్డీలో నిజంగా మిగిలేది 469 మాత్రమేనని వాడి చేతనే తీసివేత చేయించింది. డబ్బు రెట్టింపవుతుందని చెప్పి ఈ మాట చెప్పకపోవడం పిల్లవాడిని మోసం చేసినట్టేనని ఆమె అభిప్రాయం. నాదీ అదే.

బ్యాంకులను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. పిల్లల డిపాజిట్ ఫారంలో రెండు పద్ధతుల కిందా గడువు తీరాక చేతికి వచ్చే మొత్తాన్ని తెలుగులో రాసి, పిల్లవాడు తానే ఒకదాన్ని ఎంచుకున్నాక సంతకం తీసుకోవాలి. పదేళ్లు నిండినవారికి ఆ శాఖ పెట్టిన పరిమితి ఎంతో, గడువుకు ముందు మూస్తే ఎంత కోత పడుతుందో నోటీసు బోర్డు మీద ఉంచాలి. ఇప్పటికే పిల్లల పేరిట డిపాజిట్ వేసిన తల్లిదండ్రులు రసీదులో గడువు నాటి మొత్తాన్ని ఈ వారంలోనే చూసుకోవాలి. అది వేసిన మొత్తంతో సమానంగా ఉంటే వెంటనే శాఖకు వెళ్లి అడగాలి.

– ఒక తండ్రి, మల్కాజిగిరి, హైదరాబాద్