యాసల మ్యాప్‌కి రెవెన్యూ గీతలెందుకు?

సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో మీరు వేసిన యాసల మ్యాప్ గురించి భాషాశాస్త్రం చదివినవాళ్లెవరైనా రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. తెలంగాణ గులాబీ, కోస్తా పసుపు, సీమ ఎరుపు. రంగుల ఎంపిక వెనక మీ ఉద్దేశం ఏమిటో అడగను. కానీ ఆ రంగులు విడిపోయిన గీతలు మాత్రం అచ్చంగా రాష్ట్ర సరిహద్దు, జిల్లా సరిహద్దులే. అంటే కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళుతుంటే బోర్డర్ దగ్గర ఎక్కడో మన నాలుక మారిపోతుందన్నమాట. టోల్ గేటులో యాస మార్చుకునే కౌంటర్ కూడా పెట్టారా?

నేను ఉండేది ఆ బోర్డర్ పక్కనే. మా కూరగాయల మార్కెట్లో ఒకే ఆవిడ ఒక గిరాకీకి సొరకాయ అని చెప్పి, పక్కన నిలబడ్డ మనిషికి ఆనపకాయ అని తూచి ఇస్తుంది. మా వీధిలో పెద్దాయన ఒకరు "నిన్న మా వాడొచ్చిండు" అని మొదలుపెట్టి, అదే మాటలో "బస్సు లేటుగా వచ్చిందని చెప్పాడు" అంటారు. ఆయన్ని ఏ రంగులో పడేస్తారు? ఊరు నుంచి ఊరికి మాట కొద్దికొద్దిగా మారుతుంది. పక్క ఊరి మాట మనకు పూర్తిగా అర్థమవుతుంది, పది ఊళ్లవతల కాస్త వింతగా ఉంటుంది, శ్రీకాకుళం మనిషీ ఆదిలాబాద్ మనిషీ ఎదురుపడితే ఒకరినొకరు రెండోసారి అడుగుతారు. మధ్యలో ఎక్కడా గోడ లేదు.

మరి మ్యాప్ వేయడమే తప్పా అంటే కాదు. వేసే పద్ధతి ఒకటుంది. ముందు ఊళ్లను చుక్కలుగా పెట్టుకోవాలి. ప్రతి ఊళ్లో అక్కడే పుట్టి పెరిగిన మనిషిని పట్టుకుని ఒకే ప్రశ్నల పట్టీ అడగాలి. పల్లి అనే ఊళ్లు ఏవి, వేరుశనగ అనేవి ఏవి, బుడ్డలు అనేవి ఏవి అని ఒక్కో మాటకీ ఒక్కో గీత గీయాలి. దాన్నే ఐసోగ్లాస్ అంటారు. అలాంటి గీతలు చాలా ఒకే దారిలో కట్టగా వెళ్లిన చోట మాండలికం హద్దు ఉందని అనుమానించాలి. ముందు గీతలు, ఆ తర్వాతే రంగులు. మీరు రంగులు ముందు పూసేశారు.

ఈ పని మన దగ్గర జరగలేదనుకుంటున్నారేమో. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో ఊళ్ల నుంచి వ్యవసాయం మాటలు సేకరించి 1962లోనే మాండలిక వృత్తి పదకోశం వేశారు. ఆ మాటల ఆధారంగా ఆయన తేల్చింది మూడు మండలాలు కాదు, నాలుగు. శ్రీకాకుళం, విశాఖలు తూర్పు మండలంగా విడిగా నిలిచాయి. దక్షిణ మండలంలో సీమతో పాటు నెల్లూరూ ఉంది. మీరు నెల్లూరును కృష్ణా, గుంటూరులతో కలిపి పసుపు పూశారు. ఉత్తరాంధ్రను విడిగా అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఆ పుస్తకం వేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే రద్దు చేసింది, అది వేరే బాధ.

గీతలన్నీ కట్టగా వెళ్తాయన్న భరోసా కూడా లేదు. జర్మనీలో గేయోర్గ్ వెంకర్ అనే ఆయన 1876లో రైన్ ప్రాంతపు బడిపంతుళ్లకు కొన్ని వాక్యాలు పంపి, మీ ఊరి మాటలో రాసివ్వమన్నాడు. ఉత్తరాది జర్మన్‌కీ దక్షిణాది జర్మన్‌కీ మధ్య ఒక్క గీత దొరుకుతుందనే అంచనా. తూర్పున ఆ గీతలు దాదాపు కలిసే నడిచాయి. రైన్ నది దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలా విచ్చుకున్నాయి. 'నేను' అనే మాట 'ఇక్' నుంచి 'ఇష్' అయ్యే గీత ఊర్డింగెన్ దగ్గర నది దాటితే, 'చేయు' అనే మాట 'మాకెన్' నుంచి 'మాహెన్' అయ్యే గీత దానికి దక్షిణంగా బెన్రాత్ దగ్గర దాటింది. 'అది' అనే 'దాత్' ఎక్కడో దక్షిణాన సాంక్ట్ గోర్ దాకా వెళ్లి గానీ 'దాస్' కాలేదు. ఈ రెండో గీతకీ మూడో గీతకీ మధ్య ఉన్న కొలోన్ మనిషి కొన్ని మాటల్లో దక్షిణాది, కొన్నింట్లో ఉత్తరాది. ఆ గీతలు పరుచుకున్న తీరుకు కొలోన్, ట్రియర్ చర్చి పాలకుల పాత సరిహద్దులతో సంబంధం ఉందని తర్వాత పండితులు చూపించారు. కాబట్టి పాత రాజ్యాల హద్దులు మాటమీద ముద్ర వేస్తాయి, కాదనను. మన దగ్గర నిజాం హద్దుకీ ఆ ముద్ర ఉండొచ్చు. అది వెతికి తేల్చాల్సిన సంగతి. మీరు హద్దును ముందే గీసి దానికి యాస అని పేరు పెట్టారు.

ఇంకో చిక్కుంది. ఏ గీతల్ని కట్టలో కలపాలో పండితుడే ఎంచుకుంటే తనకు కావలసిన హద్దే వస్తుంది. అందుకే ఫ్రాన్సులో జాఁ సెగీ అనే భాషావేత్త 1970ల్లో గాస్కనీ ప్రాంతపు మాండలిక అట్లాసు మాటలు తీసుకుని, పక్కపక్క ఊళ్ల మధ్య నూటికి ఎన్ని తేడా ఉన్నాయో లెక్కకట్టాడు. దానికే డయలెక్టోమెట్రీ అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు ఒక మాట రెండో మాటగా మారాలంటే ఎన్ని ధ్వనులు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అని కూడా లెక్కిస్తున్నారు. మన మాటతోనే చూడండి. తెలంగాణ 'వచ్చిండు', సీమ 'వచ్చినాడు' కావాలంటే మధ్యలో ఒక్క 'ఆ' చేరిస్తే చాలు, ణ-న తేడాను పక్కన పెడితే. దూరం ఒకటి. అదే సీమ 'వచ్చినాడు' నుంచి కోస్తా 'వచ్చాడు' రావాలంటే 'ఇ', 'న' రెండూ పోవాలి. దూరం రెండు. 'వచ్చిండు'కీ 'వచ్చాడు'కీ మధ్య కూడా రెండే. ఈ ఒక్క మాట వరకూ సీమ తెలంగాణ పక్కన కూర్చుంది!

దీన్ని పట్టుకుని రేపు ఇంకో రంగుల మ్యాప్ వేయకండి దయచేసి. అక్కడ నిలిచింది పాత రూపంలోని 'ఇన'. పాతది ఇద్దరి దగ్గరా మిగిలినంత మాత్రాన వాళ్లు దగ్గరివాళ్లని చెప్పలేం. అందుకే వంద మాటలకు తక్కువ కాకుండా తీసుకుని సగటు చూడాలి. అవీ ఒకే రకం మాటలైతే మళ్లీ తంటా. వ్యవసాయం మాటలే తీసుకుంటే, మాగాణి ఊరికీ మెట్ట ఊరికీ పనిముట్లే వేరు కదా, ఆ తేడా యాస తేడాగా లెక్కలోకి వచ్చేస్తుంది. కంప్యూటర్ని ఊళ్లను నాలుగు గుంపులు చేయమంటే నాలుగు చేస్తుంది, ఏడు చేయమంటే ఏడు. అది అబద్ధమాడదు, అడిగినది ఇస్తుంది. అందుకే ప్రతిసారీ కొన్ని మాటలు తీసేసి మళ్లీమళ్లీ లెక్క వేయిస్తారు. ఎన్నిసార్లు వేసినా కదలని హద్దునే నమ్ముతారు, కదిలేచోట రంగును పలచగా వదిలేస్తారు.

మీ మ్యాప్‌లో ఒక్క ఊరి చుక్క లేదు, ఎవరిని అడిగారో లేదు, ఎన్ని మాటలో లేదు. హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి తెల్లగా ఉన్నాయి, అక్కడ తెలుగువాళ్లంతా మూగవాళ్లన్నట్టు. అధికారులు తెలంగాణలో పది జిల్లాల్ని ముప్పై మూడు చేశారు, అటువైపు 2022లో ఇరవై ఆరు చేశారు. ఆ లెక్కన ప్రతి కలెక్టరేట్‌కీ ఒక యాస మంజూరు చేస్తారా? ఇలాంటి మ్యాపే రేపు ఏ పాఠ్యపుస్తకం కమిటీ చేతికో చిక్కితే పిల్లలు దాన్నే బట్టీ పడతారు. సినిమావాళ్లు చేసింది చాలదా, రౌడీకో యాస, పనిమనిషికో యాస!

ఆ మ్యాప్ ఎవరు గీశారో, ఏ ఊళ్ల నుంచి మాటలు తెచ్చారో వచ్చే ఆదివారం వేయండి. ఊళ్లే లేకపోతే, నెల్లూరు, ఉత్తరాంధ్ర, బోర్డర్ ఊళ్ల రంగులు తప్పని అదే పేజీలో అదే సైజులో సవరణ వేయండి, లోపల ఎనిమిదో పేజీ మూలన కాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
కోదాడ